మొదటి పేజీ చూసి కట్టిన చలానా

ధర్మవరం పట్టుచీరల బజారులో నన్ను మొదట దొంగ అనింది చిన్నాయప్ప. అనింది గూడా యాడనో మూలకు కాదు. మా ఆఫీసు మెట్ల మీద నిలబడుకొని, కింద టీ బంకు కాడ ఉండే నలుగురికీ వినపడేటట్టు అనినాడు.

"రేయ్ ఎనిమిదో తరగతీ! బయటికి రారా! నా దుడ్లు యాడ పెట్టినావో చెప్పు!"

నేను ఎనిమిదితో చదువు ఆపేసిన సంగతి బజారుకంతా తెలుసు. నేనే చెప్పుకుంటా. "నేను బడి మానలేదప్పా, బడే నన్ను మానేసింది" అంటే అందరూ నవ్వుతారు. ఆ పొద్దు మాత్రం ఎవురూ నవ్వలేదు. దొంగ అనే మాట వినిన జనం టీ గ్లాసు పక్కన పెట్టి తల పైకెత్తుతారు, నవ్వరు.

నేను ఆడిటరు సారు దగ్గర ఇరవై రెండేండ్లుగా గుమాస్తాని. చీరల అంగళ్లోల్లు ఇచ్చే బిల్లులు సర్దేది, పన్ను కట్టేది, రసీదు ఇచ్చేది నా పని. లెక్కలు సారువి, ఎగతాళి నాది. చిన్నాయప్ప, ఆయన అన్న పెద్దాయప్ప మా పాత పార్టీలు, మా దగ్గర లెక్కలు చూపించుకునేటోళ్లు. వాళ్ల నాయన ఉన్నప్పుడు ఒకే అంగడి. నాయన పోయినాక రెండేండ్లు కొట్లాడుకొని, ఒక శివరాత్రి ముందర అంగడి మధ్యలో గోడ కట్టుకున్నారు. గోడకు ఇటుపక్కా, అటుపక్కా బోర్డు మీద నాయన పేరే. ఎవురు ఆ పేరు వదులుకోవాల అనేదాని మీద గూడా తల పగలగొట్టుకోబోయి, ఆఖరికి ఇద్దరూ పెట్టుకున్నారు. కొనేటోళ్లకు ఏ అంగడి ఏదో తెలీక, చీర ఒకదాంట్లో చూసి బేరం ఇంకోదాంట్లో ఆడతాండారు.

చిన్నాయప్ప పైకొచ్చి నా టేబులు మీద ఒక కాగితం కొట్టినాడు. ఇన్‌కమ్‌టాక్స్ నుంచి వచ్చిన తాఖీదు. ఆయన కట్టినానని రిటర్నులో చూపించిన, ఏడాది ముగియకముందే కట్టే అడ్వాన్సు టాక్సు ముప్పై ఎనిమిదివేలు, రిటర్ను వేసే ముందర మిగిలింది కట్టే సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్సు ఆరువేల రెండొందలు, రెండూ జమ కాలేదు, వడ్డీతో కట్టు అని దాని సారాంశం.

"మార్చి నెలలో ఈ టేబులు మీదనే నోట్లు లెక్కబెట్టి ఇస్తి. నువ్వు నాకు రసీదు ఇస్తివి. నా రిటర్ను వేసిన నెట్ సెంటరాయప్ప చూసి చెప్పినాడు, నా ఖాతాలో ఒక్క రూపాయి పడలేదంట. ఇట్లాంటి రసీదు కంప్యూటర్లో ఎవురైనా కొట్టుకోవచ్చంట."

"అన్నా, దొంగ రసీదు కొట్టేంత తెలివి ఉంటే నేను ఈడ ఎందుకుంటా, నీ పక్కనే మూడో అంగడి పెట్టేటోన్ని."

అనకుండా ఉండాల్సింది. ఆయన నా చొక్కా పట్టుకున్నాడు. లోపలినుంచి సారు వచ్చి విడిపించినాడు.

ఇంక మా పద్ధతి చెప్పాల. పన్ను కట్టినాక వచ్చే రసీదు మన చేతిలో ఉండే కాగితం. 26ఏఎస్ అనేది సర్కారు పుస్తకం. ఏ పాన్ నంబరు కింద, ఏ ఏడాదికి, ఎంత పన్ను జమైందో దాంట్లో కనపడుతుంది. ఆ రెండూ ఒకే మాట చెప్పిందాకా పన్ను కట్టినట్టు కాదు. అందుకే ఏ పార్టీకి పన్ను కట్టినా, నాలుగైదు రోజులు ఆగి, వాళ్ల లాగిన్‌లోకి పోయి, మనిషి సరే, ఏడాది సరే, మొత్తం సరే అని మూడు టిక్కులు కొడతా. నా రిజిస్టరులో ఆ టిక్కుల్లేని పేరు ఆ మార్చిలో ఒక్కటే. చిన్నాయప్పది.

ఎందుకంటే గోడ కట్టిన వారానికే ఆయన తన పాస్‌వర్డు మార్చేసినాడు. "మీ ఆఫీసు మా అన్న ఆఫీసు. నా అంగడి బాగోగులు ఆయప్పకు మోస్తారు" అనినాడు. పన్ను మాత్రం మా దగ్గరే కట్టించుకున్నాడు, రిటర్ను నెట్ సెంటర్లో వేయించుకున్నాడు. పన్ను కట్టేదానికి పాన్ నంబరు, ఒక ఫోను ఉంటే చాలు, పాస్‌వర్డు అక్కర్లేదు. కట్టింది యాడ పడిందో చూసేదానికి మాత్రం పాస్‌వర్డు కావాల. నేను రెండుసార్లు ఫోను చేసి అడిగినా. రెండోసారి, "నీకు పాస్‌వర్డు ఇచ్చేది, అన్నకు బీరువా తాళం ఇచ్చేది ఒకటే" అని పెట్టేసినాడు. నేను నవ్వుకొని ఊరకైనా. ఆ నవ్వే నా కొంప ముంచింది.

"రసీదు తీయి" అనినాడు సారు.

చిన్నాయప్ప ప్లాస్టిక్ కవరులోనుంచి రసీదు తీసినాడు. దాని మూలకు పసుపు బొట్టు ఉండాది. మార్చిలో నేను చేతికిచ్చినప్పుడు దాన్ని కండ్లకద్దుకున్నాడు. దాని మీద వాళ్ల నాయన పేరుంది కాబట్టి. నేను గూడా ఆ పేరు చూసి, బోర్డు మీద ఉండేది ఇదే గదా అనుకొని ఇచ్చేసినా.

సారు రసీదు చూసి, నా మొగం చూసి, మళ్లీ రసీదు చూసినాడు.

"అంగడికి పాన్ ఉండదు రా. అంగడి నడిపే మనిషికి ఉంటాది. ఈ నంబరు యాడిది?"

అప్పుడు నంబరు అక్షరం అక్షరం చదివినా. ఆ నంబరు చిన్నాయప్పది కాదు. వాళ్ల ఉమ్మడి కుటుంబానిది. నాయన బతికి ఉన్నప్పుడు ఉమ్మడి కుటుంబం పేరున తీసిన పాన్, ఆయన పేరే దాని పేరు. మనిషి పాన్‌లో నాలుగో అక్షరం పి ఉంటాది, ఉమ్మడి కుటుంబానికి హెచ్. సారు నా చేత వెయ్యిసార్లు చదివించిన పాఠం అది.

నంబరు యాడినుంచి వచ్చిందో గూడా నాకు తెలుసు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండాది. ఉగాదికి కొత్త లెక్కల పుస్తకం మొదలుపెడితే, పాత పుస్తకం మొదటి పేజీని పొల్లుపోకుండా ఎక్కించుకుంటారు. శ్రీకారం, కులదేవత పేరు, నాయన పేరు, దాని కింద పాన్ నంబరు. తాత కాలంలో పాన్ ఉన్నిందో లేదో గానీ, నాయన ఒకసారి రాసిపెట్టినాడు గాబట్టి అది గూడా దేవుని వరసలో చేరిపోయింది. ఒక్క గీత మార్చినా అంగడికి అరిష్టమంట. గోడ కట్టిన ఏడాది ఉగాదికి చిన్నాయప్ప తన కొత్త పుస్తకంలో ఆ పేజీ అట్లనే ఎక్కించినాడు. దాని మరుసటి మార్చిలో నేను పాన్ కార్డు అడిగితే, "కార్డు ఇంట్లో ఉండాది, ఇదో" అని ఆ పుస్తకం ముందరేసినాడు. పసుపు అంటకుండా ఏలు పెట్టి నంబరు ఎత్తుకున్నా. "మీ దేవునికి గూడా పన్ను కడదామా అన్నా" అని ఎగతాళి చేసినా. దేవునికి కాదు గానీ, ఉమ్మడి కుటుంబానికి కట్టినా.

సారు అంతా ఇడమరిచి చెప్పినాడు. దుడ్లు యాడికీ పోలేదు, సర్కారు దగ్గరే ఉండాయి, పడాల్సిన ఏడాదిలోనే పడినాయి, కాకపోతే ఇంకొకరి పేరు కింద అని.

చిన్నాయప్పకు అర్థమైంది. అర్థమైనాక కోపం రెండింతలైంది. ఎందుకంటే ఉమ్మడి కుటుంబానికి ఇప్పుడు పెద్దదిక్కు పెద్దాయప్ప. దాని లాగిన్, దాని బ్యాంకు ఖాతా, సంతకం అన్నీ ఆయనవి.

"అంటే నా ముప్పై ఎనిమిదివేలు తీసుకపోయి మా అన్న ఒళ్లో పోసినావు! దొంగతనం కాదు ఇది, తొత్తుతనం!"

"మరి ఆ ఆరువేల రెండొందలు?" అని సారు అడిగినాడు.

అది మేము కట్టింది కాదు. జూలైలో రిటర్ను వేసే ముందర నెట్ సెంటరాయప్ప కట్టించినాడు. సారు అడిగితే చిన్నాయప్ప కొంచేపు మొండికేసి, తన ఫోన్లో లాగిన్ తెరిచినాడు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు నాకు వీపు తిప్పినాడు. ఆ ఏడాదిలో ఏమీ లేదు. "దాని ముందరి ఏడాది తెరువు అన్నా" అనినా. తెరిస్తే ఆడ కూచోని ఉండాది ఆరువేల రెండొందలు, సొంత పాన్ కిందనే. సంపాదించిన ఏడాది ఒకటి, దాన్ని లెక్కజూసే అసెస్‌మెంట్ ఏడాది దాని పక్కది. నెట్ సెంటరాయప్ప సంపాదించిన ఏడాది అంకెలనే అసెస్‌మెంట్ ఏడాదిగా పెట్టేసినాడు.

"ఒకటి మనిషి తప్పింది, ఒకటి ఏడాది తప్పింది. ఇద్దరం కలిసి నిన్ను బాగానే చూసుకున్నాం అన్నా."

"నోరు ముయ్" అనినాడు సారు నాతో. సారు నన్ను అట్లా అనింది అదే మొదలు.

ఏడాది తప్పును కట్టిన ఏడు రోజుల్లో పట్టుకోనుంటే కంప్యూటర్లోనే మార్చుకోవచ్చు. ఇప్పుడు అనంతపురం ఆఫీసరుకు అర్జీ పెట్టుకోవాల. మనిషి తప్పుకు ఎప్పుడైనా ఆఫీసరే దిక్కు. దానికి, ఆ దుడ్లు ఎవురి పాన్ కింద పడినాయో వాళ్లు, ఇవి మావి కావు, మేము వాడుకోలేదు, మార్చుకోమనండి అని సంతకం పెట్టియ్యాల. అంటే పెద్దాయప్ప.

చిన్నాయప్ప పోతా పోతా మెట్ల మీద ఆగినాడు. "నెలాఖరు లోపల అది నా పేరు మీద కనపడాల. లేదంటే వీని మీద స్టేషన్లో కేసు పెడతా."

సారు తలుపేసి వచ్చి కూచున్నాడు. "ఇది జరక్కపోతే ఆ ముప్పై ఎనిమిదివేలు నీ జీతంలోనుంచి పోతాది. తర్వాత ఆ కుర్చీలో ఇంకొకడు కూచుంటాడు. ఇరవై రెండేండ్లు అని చూడను."

ఆ మాట అన్యాయమని ఇప్పటికీ అనను. కార్డు చూడకుండా నంబరు ఎత్తుకునింది నేనే.

మర్నాడు పెద్దాయప్ప అంగడికి పోయినా. ఆయన పరుపు మీద కూచోని చీర మడత పెడతాండాడు. గోడకు అటుపక్కనుంచి చిన్నాయప్ప గొంతు వినపడతాండాది. పెద్దాయప్ప నేను చెప్పింది ఓపిగ్గా విని, మడత పూర్తి చేసి, నవ్వినాడు.

"ఏ పేరు మీద పడింది?"

"నాయన పేరు మీద అన్నా."

"నాయన ఎవురికి నాయన?"

"ఇద్దరికీ."

"అయితే నాయనకు చేరిన దుడ్లు వాపసు అడిగే కొడుకును నేను యాడా చూడలేదు. డిసెంబరు ఆఖరు లోపల నేనే ఆ పాన్ మీద రిటర్ను వేస్తా. ఆదాయం లేదు గాబట్టి అంతా వాపసు వస్తాది. నాయన సమాధికి సున్నం కొట్టిస్తా."

ఆయనకు తెలుసు. ఒకసారి రిటర్నులో ఆ పన్ను వాడుకుంటే ఇంక ఆఫీసరు గూడా దాన్ని మార్చలేడు.

"అది ఆయన చెమట అన్నా."

"ఆయన చెమట గోడకు అటుపక్క. నీకు అంత జాలిగా ఉంటే నీ జీతం ఇయ్యి." మళ్లీ చీర తీసుకున్నాడు. "సంతకం కావాలంటే వాన్ని వచ్చి ఈ గుమ్మం కాడ నిలబడి అడగమను. లోపలికి రాకుండా."

గోడకు అటుపక్కనుంచి గొంతు లేచింది. "నీ గుమ్మం తొక్కేకంటే కేసు పెట్టేది మేలు! వింటివా రా ఎనిమిదో తరగతీ?"

ఇద్దరి తిట్లూ నన్ను దాటుకొని పోతాంటే, మధ్యలో గోడ అక్కర్లేదు, నేనే చాలు అనిపించింది.

ఆఫీసుకొచ్చి సారును అడిగినా, ఉమ్మడి కుటుంబం లాగిన్ తెరవొచ్చునా అని. దాని పాస్‌వర్డు మా దగ్గర ముందునుంచీ ఉండాది. "మన పని కోసం చూడు. చూసింది ఇంకొకరికి చెప్పొద్దు" అనినాడు. తెరిచినా. చిన్నాయప్పకు పడాల్సిన ఏడాది పెట్టి చూస్తే ముప్పై ఎనిమిదివేలు ఉండాది, తారీఖు, నంబరు రసీదుతో సరిగ్గా సరిపోయినాయి. నేను దొంగను కాదని సర్కారు పుస్తకం చెప్తాండాది. కానీ ఆ పుస్తకం పెద్దాయప్పది, ఎవురికి చూపీయను?

మూసేయబోయి, అలవాటు కొద్దీ పక్క ఏడాది గూడా తెరిచినా. ఆడ ఇంకో పద్దు. సెప్టెంబరు పద్నాలుగో తేదీ, ఇరవై ఐదువేలు, అడ్వాన్సు టాక్సు.

అది నేను కట్టింది కాదు. ఆ నెల పెద్దాయప్ప మా ఆఫీసుకు రాలేదు. "ఇంక మీతో పనిలేదప్పా, ఫోన్లోనే కట్టుకుంటాండా" అని బజారులో అందరికీ ఫోను చూపించినాడు. ఆయన గూడా ఉగాదికి కొత్త పుస్తకం మొదలుపెట్టినాడు గదా. ఆయన గూడా మొదటి పేజీ పొల్లుపోకుండా ఎక్కించినాడు గదా. ఆ పేజీ చూసుకొని ఫోన్లో నంబరు కొట్టుకున్నాడు. సొంత పన్ను తీసుకపోయి నాయన పేరు మీద పోసుకున్నాడు.

నవ్వొచ్చింది. సారు మొగం చూసి మింగినా.

సాయంత్రం పెద్దాయప్ప అంగట్లో పరుపు అంచున కూచోని, నెమ్మదిగా అడిగినా. "అన్నా, సెప్టెంబరు పన్ను కట్టినావు గదా, పడిందా అని చూసుకున్నావా?"

"రసీదు వచ్చింది. చూసేదేముంది?"

"నీ సొంత లాగిన్ ఒకసారి తెరువు."

తెరిచినాడు. చూసినాడు. ఏడాది మార్చినాడు. మళ్లీ చూసినాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లేదే."

"ఉండాది. నాయన పేరు మీద."

ఫోను పక్కన పెట్టినాడు. గోడకు అటుపక్క బేరాలు ఆగినాయి. వింటాండారని నాకు తెలుసు.

"నా పాన్‌లోకి మార్చుకునేదానికి ఏం రాయాల?" అని గొంతు తగ్గించి అడిగినాడు.

"గోడ కట్టినప్పటినుంచీ ఉమ్మడి కుటుంబానికి యాపారం లేదు, దాని పాన్ కింద పడిన పన్ను దానిది కాదు అని రాయాల. అదే ఆఫీసరుకు, ఒకే ఇంటి రెండు కాగితాలు పోతాయి, నీదొకటి, నీ తమ్మునిదొకటి. ఒకదాంట్లో యాపారం లేదని చెప్పి, ఇంకోదాంట్లో నాయన దుడ్లు అంటే ఆఫీసరు ఏమంటాడో నాకు తెలీదు. నేను ఎనిమిదో తరగతి."

ఆయన నన్ను చూసిన చూపు ఈ పొద్దుటికీ మరువను. చీర కోసే కత్తెర చేతికి అందే దూరంలో ఉన్నింది. కానీ పెన్ను తీసినాడు.

మూడో రోజు ముగ్గురం అనంతపురం బస్సెక్కినాము. అన్న ముందర సీట్లో, తమ్ముడు వెనక సీట్లో. నేను మధ్యలో, ఒళ్లో రెండు పార్టీల పాన్ కార్డులు, రసీదులు, తాఖీదు, అర్జీలు, అన్న సంతకం చేసిన కాగితాలు. ఆఫీసరు అన్నీ తిరగేసి, "ఇద్దరూ ఒకే తప్పు ఎట్లా చేసినారు?" అని అడిగినాడు. ఇద్దరూ గోడలు చూసినారు. నేను చెప్పబోతే పెద్దాయప్ప నా కాలు తొక్కినాడు.

నెల ఇంకా అయిపోకముందే ఒక పొద్దున చిన్నాయప్ప వచ్చినాడు. ఈసారి తనే ఫోను నా ముందర పెట్టినాడు, లాగిన్ తెరిచి. ముప్పై ఎనిమిదివేలు ఆయన పేరు కింద, సరైన ఏడాదిలో, మార్చి తారీఖుతోనే. ఆరువేల రెండొందలు గూడా కదిలి ఆ ఏడాదిలోకి వచ్చింది. తాఖీదును సరిదిద్దమని సారు ఆన్‌లైన్‌లో అర్జీ కొట్టినాడు. నేను నా రిజిస్టరు తీసి, ఆయన చూస్తాండగా మూడు టిక్కులు కొట్టినా. మార్చిలో కొట్టాల్సినవి.

"అన్నా, ఒక్క పని. దొంగ అనింది మెట్ల మీదనుంచి గదా, కాదనేది గూడా ఆడినుంచే అను."

ఆయన మెట్ల మీద నిలబడినాడు. కింద టీ బంకోళ్లు తలలెత్తినారు.

"వీడు దొంగ కాదప్పా! దొంగకు లెక్క తెలుస్తాది. వీనికి ఏమీ తెలీదు!"

బంకు కాడ అందరూ నవ్వినారు. నా కుర్చీ మిగిలింది గాబట్టి నేనూ నవ్వినా. ఆయన మాత్రం నవ్వలేదు. లోపలికొచ్చి తన ఫైలు అడిగి తీసుకొని, చంకలో పెట్టుకొని, నెట్ సెంటరు దిక్కు పోయినాడు.

తర్వాతి మార్చి పదిహేను నాడు నెట్ సెంటరాయప్ప నాకు ఫోను చేసినాడు. "అన్నా, అడ్వాన్సు టాక్సుకు అసెస్‌మెంట్ ఏడాది ఏది పెట్టాల? చిన్నాయప్పది కడతాండా."

"పక్క ఏడాది. పాన్ కార్డు మాత్రం..." అంటాండా.

వెనకనుంచి చిన్నాయప్ప గొంతు వినపడింది. "వాన్ని ఎందుకు అడుగుతావు? నంబరు పుస్తకంలో ఉండాది, చూసి కొట్టు!"

"కార్డు చూసి కొట్టు, పుస్తకం వద్దు" అని అరిసినా. అప్పటికే ఫోను పెట్టేసినారు.